మాస్వా, డౌన్‌హోలా?

షియర్ వేవ్ స్పీడ్, అంటే నేలని అడ్డంగా ఊపుతూ పాకే తరంగం వేగం, తెలిస్తే సైట్ క్లాస్, అంటే భూకంపం లెక్కల్లో ఆ నేల ఏ తరగతిదో, తేలుతుంది. దాన్ని కొలవడానికి రెండు దారులు: నేల మీద సుత్తితో కొట్టి పైపొరలో పాకే తరంగాల్ని కొలిచే మాస్వ్, బోరులోకి జియోఫోన్ అనే కదలిక పట్టే పరికరం దింపి కొలిచే డౌన్‌హోల్. 1985లో మెక్సికో సిటీలో జరిగింది చూడండి, పాత చెరువు బంకమట్టిలో స్పీడ్ సెకనుకి దాదాపు 75 మీటర్లే, మందం 38 మీటర్లనుకుంటే నేల ఒక్కసారి ఊగే సమయం నాలుగు మందాలు భాగించు స్పీడ్, 4×38÷75, అంటే దాదాపు 2 సెకన్ల ఊపు, ఆ ఊపుకి దగ్గరగా ఊగే మధ్యస్థ ఎత్తు బిల్డింగులు ఎక్కువ కూలాయి.

ఖర్చు: మాస్వ్‌కి బోరు అక్కర్లేదు, సుత్తి, జియోఫోన్ల వరస చాలు. డౌన్‌హోల్‌కి బోరు, కేసింగ్, గ్రౌటింగ్ కావాలి.

రిస్క్: మాస్వ్‌లో ఒకే డేటాకి రెండు మూడు రకాల పొరలు సరిపోతాయి, లోతులో పల్చటి మెత్తటి పొర ఉంటే కనపడకుండా పోవచ్చు. డౌన్‌హోల్‌లో గ్రౌట్ సరిగ్గా పట్టకపోతే సిగ్నల్ మసకబారుతుంది.

మామూలు అపార్ట్‌మెంట్‌కి, స్పీడ్ క్లాస్ హద్దుకి దూరంగా ఉంటే మాస్వ్ చాలు. సెకనుకి 180 మీటర్ల హద్దు దగ్గర ఊగిసలాడితేనో, హాస్పిటల్ కడుతుంటేనో, నేనైతే బోరు వేయిస్తా.