క్యాష్ అకౌంట్‌కు ఆటో ట్రేడింగ్ ప్రోగ్రామ్ కొంటున్నవారికి హెచ్చరిక: సెటిల్ కాని డబ్బును అది ఎలా లెక్కిస్తుందో ముందు తేల్చుకోండి

అమెరికాలో ఉంటూ, మన తెలుగు గ్రూపుల్లో తిరుగుతున్న ఆ ఈటీఎఫ్ ట్రేడింగ్ ప్రోగ్రామ్ కొనాలని ఆలోచిస్తున్నవారందరూ దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. ఏ ప్రోగ్రామ్ గురించి చెబుతున్నానో గ్రూపుల్లో ఉన్నవారికి తెలిసే ఉంటుంది. "క్యాష్ అకౌంట్‌కు పూర్తిగా సురక్షితం, మీరు ఏమీ చూసుకోనక్కరలేదు" అని ప్రతి వారాంతం ప్రకటన పెట్టేది దాని గురించే. అప్పు మీద వ్యాపారం వద్దనే ఉద్దేశంతో నేను మార్జిన్ లేని క్యాష్ అకౌంట్ పెట్టుకున్నాను, ఆ మాట నమ్మి ప్రోగ్రామ్ కొన్నాను. ఇప్పుడు నా ఖాతా మీద 90 రోజుల ఆంక్ష ఉంది.

జరిగింది అంకెలతోనే చెబుతాను. గురువారం ఉదయం నా ఖాతాలో సెటిల్ అయిన, అంటే లావాదేవీ పూర్తయి నిజంగా నా చేతికొచ్చిన నగదు 2,000 డాలర్లు, ఎప్పుడో కొని పెట్టుకున్న ఒక ఈటీఎఫ్ విలువ 8,000 డాలర్లు. పది గంటలకు ప్రోగ్రామ్ ఆ ఈటీఎఫ్‌ను అమ్మింది. అమ్మిన మరుక్షణం బ్రోకర్ తెరమీద బయింగ్ పవర్ 10,000 డాలర్లు అని కనిపించింది. అయిదు నిమిషాల్లో ప్రోగ్రామ్ 9,500 డాలర్లు పెట్టి మరో ఈటీఎఫ్ కొన్నది. ఇంతవరకు తప్పేమీ లేదు. క్యాష్ అకౌంట్‌లో అమ్మకపు సొమ్ము సెటిల్ కాకముందే దానితో మరొకటి కొనడానికి బ్రోకర్లు అనుమతిస్తారు. అయితే కొన్నదాన్ని, ఆ సొమ్ము సెటిల్ అయ్యేదాకా అమ్మకూడదు. అమెరికాలో 2024 మే 28 నుంచి షేర్ల లావాదేవీలు మరుసటి పని రోజుకు సెటిల్ అవుతున్నాయి కనుక, గురువారం అమ్మిన 8,000 డాలర్లు శుక్రవారానికి గానీ నిజంగా నా డబ్బు కావు. ప్రోగ్రామ్ మాత్రం గురువారం మధ్యాహ్నం రెండున్నరకే, ధర కాస్త తగ్గిందని, కొత్తగా కొన్న ఈటీఎఫ్‌ను 9,400 డాలర్లకు అమ్మేసింది. ఆ కొనుగోలులో 7,500 డాలర్లు ఇంకా సెటిల్ కాని డబ్బు. దీన్నే గుడ్ ఫెయిత్ వయొలేషన్ అంటారు. వంద డాలర్ల నష్టం నేను భరించగలను, అది వ్యాపారంలో ఉన్నదే. ఈ ఉల్లంఘన అటువంటిది కాదు, ఖాతా మీద గుర్తుగా నిలిచిపోతుంది.

చాలామంది బ్రోకర్లు పన్నెండు నెలల్లో మూడోసారి ఇలా జరిగితే 90 రోజులపాటు సెటిల్ అయిన నగదుతో మాత్రమే కొననిస్తారు. నా బ్రోకర్ నియమమూ అదే. ప్రోగ్రామ్ ఇదే వరసను మళ్లీ మళ్లీ నడిపి, వారం తిరిగేలోపే ఆ హద్దు దాటించింది. మొదటి ఉల్లంఘనకు బ్రోకర్ పంపిన హెచ్చరిక నా మెయిలుకు వచ్చింది. ప్రోగ్రామ్‌కు దాన్ని చదివే దారీ లేదు, చదివి ఆగే ఏర్పాటూ లేదు. ఆ రోజుల్లో నేను ఊళ్లో లేను. యజమాని దగ్గర లేనప్పుడు కూడా హద్దులో ఉంటుందన్న భరోసాతోనే కదా ఇలాంటివి కొనేది!

ఆంక్ష పడిన రోజు సాయంత్రం అమ్మినతనికి ఫోన్ చేశాను. కొనేముందు "అన్నా, మీరు నిశ్చింతగా నిద్రపోండి, మొత్తం అది చూసుకుంటుంది" అన్న మనిషి, ఇప్పుడు "సార్, అది మీ బ్రోకర్ విషయం. ఆర్డర్ వాళ్లు తీసుకున్నాక నా బాధ్యత ఏముంటుంది?" అన్నాడు. సెటిల్ కాని డబ్బును లెక్కలోంచి తీసివేయకపోవడం ప్రోగ్రామ్ లోపం కాదా అని అడిగాను. క్షణం కూడా తడుముకోకుండా, "దానికి సెటిల్డ్ మోడ్ వేరే ఉంది, పెద్ద వెర్షన్‌లో వస్తుంది, మీరు 150 డాలర్లు కట్టి మారొచ్చు" అన్నాడు. నాకు కడుపు మండింది అక్కడే. అంటే ఈ ప్రమాదం అతనికి ముందే తెలుసు, దానికి మందు కూడా తయారు చేసి పెట్టుకున్నాడు. అయినా ఆ మందు లేని సరుకును "క్యాష్ అకౌంట్‌కు సురక్షితం" అన్న మాటతో అమ్మాడు. మరి ఆ మాట ఎందుకు రాశారని అడిగితే, "నియమాలు చదువుకుని కొనాలి కదండీ" అని ఫోన్ పెట్టేశాడు. రాత్రికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. నాలాగే ఇంకెందరు ఆ గ్రూపులో ఉన్నారో అన్న ఆందోళనతోనే ఇది రాస్తున్నాను.

తరువాత ప్రోగ్రామ్ ఫైళ్లు తెరిచి చూశాను. ఎంత ఖర్చు పెట్టవచ్చో నిర్ణయించేది ఈ ఒక్క వరుసే:

```python
spend = float(account["buying_power"])
```

బయింగ్ పవర్ అంటే బ్రోకర్ ఆ క్షణాన ఎంతవరకు కొననిస్తాడో చెప్పే అంకె. అందులో ఈ రోజు అమ్మిన సొమ్ము కలిసి ఉంటుంది. బ్యాంకు నుంచి ఏసీహెచ్ ద్వారా పంపి, ఇంకా పూర్తిగా జమ కాని డబ్బు కూడా కొందరు బ్రోకర్ల దగ్గర కలిసి ఉంటుంది. బ్యాంకులో వేసిన చెక్కు క్లియర్ కాకముందే పాసుపుస్తకంలో అంకె కనిపించినట్టే ఇది. ఏసీహెచ్ విషయం మరింత తీవ్రమైనది. ఆ డబ్బు చేరక వెనక్కి పోయిందనుకోండి, ఈలోగా దానితో కొన్నదాన్ని ప్రోగ్రామ్ అమ్మేసి ఉంటే, డబ్బు కట్టకుండా కొని, అదే సరుకు అమ్మి బాకీ తీర్చినట్టు అవుతుంది. దాన్ని ఫ్రీరైడింగ్ అంటారు. దానికి ఫెడరల్ రిజర్వ్ వారి రెగ్యులేషన్ టీ కిందే 90 రోజుల ఆంక్ష ఉంది, మూడోసారి దాకా ఆగడం ఉండదు.

ఉండవలసిన లెక్క ఇలాంటిది:

```python
unsettled = sum(s.amount for s in sales
                if s.settle_date > today)
spend = (cash - unsettled - pending_deposits
         - open_buys - reserve)
```

ఇక్కడ `cash` అనేది అమ్మకపు సొమ్మునూ పూర్తిగా జమ కాని డిపాజిట్లనూ కలుపుకున్న మొత్తం నగదు. కొందరు బ్రోకర్లు సెటిల్ అయిన నగదును విడిగా ఇస్తారు. అలా ఇస్తే ఆ అంకెనే నేరుగా తీసుకోవాలి, మళ్లీ తీసివేస్తే రెండుసార్లు తగ్గుతుంది. ప్రతి అమ్మకానికీ సెటిల్ అయ్యే తేదీని ప్రోగ్రామ్ రాసి పెట్టుకోవాలి. ఆ తేదీని ఎప్పుడూ "అమ్మిన మరుసటి రోజు" అని ఖాయం చేసేయడం కూడా తప్పే. శుక్రవారం అమ్మినది సోమవారానికి సెటిల్ అవుతుంది. కొలంబస్ డే, వెటరన్స్ డే నాడు స్టాక్ మార్కెట్ తెరిచే ఉంటుంది కానీ బ్యాంకులకు సెలవు, ఆ రోజు సెటిల్‌మెంట్ జరగదు. 2025లో కొలంబస్ డే అక్టోబర్ 13, సోమవారం వచ్చింది. అప్పుడు శుక్రవారం 10న అమ్మినదీ, సోమవారం 13న అమ్మినదీ రెండూ మంగళవారం 14నే సెటిల్ అయ్యాయి. మార్కెట్ పని దినాల క్యాలెండర్ ఒక్కటే పెట్టుకున్న ప్రోగ్రామ్ ఆ సోమవారం ఉదయం శుక్రవారపు సొమ్మును సెటిల్ అయిందనుకుని ఖర్చు పెట్టేస్తుంది.

చివర తీసివేసిన `open_buys` అంటే పెట్టి ఇంకా పూర్తికాని కొనుగోలు ఆర్డర్ల మొత్తం, `reserve` అంటే ముట్టకుండా పక్కన ఉంచే నగదు. ఇవి కూడా కొసరు జాగ్రత్తలు కావు. ఈ ప్రోగ్రామ్ ఒకరోజు రాత్రి, మరుసటి ఉదయం మార్కెట్ తెరవగానే 100 షేర్లు కొనమని మార్కెట్ ఆర్డర్ పెట్టింది. ముగింపు ధర 51.50 డాలర్లు కనుక 5,150 అవుతుందని లెక్క, ఖాతాలో 5,200 ఉన్నాయి. తెల్లవారి ధర 53.04 దగ్గర తెరుచుకుంది. 5,304 డాలర్లు అయ్యాయి, ఖాతా 104 డాలర్లు మైనస్‌లోకి పోయింది. ఆ రోజు నేను వెంటనే బ్యాంకు నుంచి డబ్బు పంపి సరిచేశాను. ఆ లోటు పూడ్చడానికి ప్రోగ్రామ్ అదే షేర్లను అమ్మి ఉంటే ఇంకా పెద్ద చిక్కులో పడేవాణ్ణి. ఇంత ధర మించితే కొనవద్దని చెప్పే లిమిట్ ఆర్డర్ పెట్టినా, లేక నాలుగైదు శాతం నగదును ముట్టకుండా పక్కన ఉంచినా ఈ లోటు వచ్చేది కాదు.

ఇండియాలో ట్రేడింగ్ చేసి వచ్చినవారు దీన్ని మరీ జాగ్రత్తగా చూడాలి. అక్కడ కూడా 2023 జనవరి 27 నుంచి షేర్లన్నీ మరుసటి పని రోజుకే సెటిల్ అవుతున్నాయి కనుక రెండు చోట్లా ఒకటే పద్ధతి అనిపిస్తుంది. కానీ అక్కడ ఉదయం కొన్నది మధ్యాహ్నం అమ్మడం మామూలు ఇంట్రాడే వ్యాపారం, దానికి ఉల్లంఘన అనే మాటే లేదు. ఇక్కడి క్యాష్ అకౌంట్‌లో, ఏ డబ్బుతో కొన్నామన్నదాన్ని బట్టి అదే పని ఉల్లంఘన అవుతుంది. అందుకే కొనేటప్పుడు చూసుకుంటే సరిపోదు, అమ్మేటప్పుడు కూడా ప్రోగ్రామ్ చూసుకోవాలి. ముఖ్యంగా స్టాప్ లాస్ ఆర్డర్ ఉన్నచోట. సెటిల్ కాని డబ్బుతో కొన్న షేరు మీద స్టాప్ లాస్ పెడితే, ధర పడగానే అది అదే రోజు అమ్మేస్తుంది, ఉల్లంఘన పడుతుంది. స్టాప్ తీసేస్తే నష్టానికి అడ్డు ఉండదు. అదే రోజు బయటపడవలసి రావచ్చనుకునే ప్రతి కొనుగోలునూ సెటిల్ అయిన నగదుతోనే చేయడం తప్ప దీనికి మరో దారి లేదు. దానివల్ల కొన్ని అవకాశాలు పోతాయి, పెట్టుబడిలో కొంత భాగం ఒక్కోరోజు ఖాళీగా కూర్చుంటుంది. "రోజూ మొత్తం డబ్బు పనిచేస్తుంది" అని క్యాష్ అకౌంట్‌కు ఎవరైనా మాట ఇస్తున్నారంటే, ఈ నియమాన్ని వారు లెక్కలోకి తీసుకోలేదన్నమాట.

కొనేముందు ఒక పరీక్ష చేయించండి. ఎప్పుడో కొని పెట్టుకున్న షేర్లలో ఒకదాన్ని అమ్మి, ఖర్చు పెట్టగలనని ప్రోగ్రామ్ చూపే అంకెను వెంటనే చూడండి. అది అప్పటికప్పుడే పెరిగితే ఆ ప్రోగ్రామ్ సెటిల్ కాని డబ్బును లెక్కలో కలుపుతోంది. ఇప్పటికే కొని నడుపుతున్నవారు ముందు దాన్ని ఆపి, బ్రోకర్ పేజీలో బయింగ్ పవర్‌ను, సెటిల్ అయిన నగదును పక్కపక్కన చూసుకోండి. ఉల్లంఘన హెచ్చరిక ఒకటి ఇప్పటికే వచ్చి ఉంటే దాని తేదీ రాసి పెట్టుకోండి, పన్నెండు నెలల లెక్కలో అది ఉంటుంది.