పక్కకి జరిగే తలుపున్న పాప మంచం: చక్రాల కుర్చీలోంచి పాపను పెంచాక నా సమీక్ష

మా పాప ఇప్పుడు యూకేజీ. పదేళ్ల క్రితం బండి ప్రమాదంలో నా వెన్నుపూస దెబ్బతింది. నడుము కింద కదలిక లేదు, స్పర్శ కూడా లేదు. పాప పుట్టే ముందు అందరూ అడిగిన ప్రశ్న ఒకటే, "ఎత్తుకునేది ఎవరు?" అని. నన్ను పీడించిన ప్రశ్న వేరు. రాత్రి రెండు గంటలకు పాప ఏడిస్తే, ఎవరినీ లేపకుండా నేనే తీసుకోగలనా? అందుకోసం చేయించుకున్న మంచం గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

మా అత్త మొదట చీర ఉయ్యాల కట్టింది. నిలబడి వంగేవాళ్లకు అది బంగారం. కుర్చీలో కూర్చున్నవాళ్లకు మాత్రం పాప గుడ్డ అడుగున ఎక్కడో ఉంటుంది, చెయ్యి పెడితే ఉయ్యాల అటు పోతుంది. షాపుల్లో దొరికే మంచాలకు ఇంకో చిక్కు. కటకటాల మీంచి వంగి తీయాలి, నడుము పట్టు లేని నేను వంగితే పాప మీదే పడతాను. కటకటాలు కిందికి దిగే రకం ఉంటుందని మా తమ్ముడు చెప్పాడు. ఆ దిగే పక్క ఊడిపోయి, సందులో పిల్లలు ఇరుక్కుని చనిపోయారని, అమెరికాలో 2011లో వాటి అమ్మకాన్నే నిషేధించారని కూడా వాడే చదివి చెప్పాడు. వికలాంగులైన తల్లిదండ్రుల కోసం పనిచేసే సంస్థ ఒకటి అక్కడ బర్క్‌లీలో 1982లోనే మొదలైందట, బిడ్డల సామాను కూడా తయారు చేసిందట. మనకు తిరుపతి కొర్లగుంటలో ఒక వడ్రంగి, ఆచారన్న, దొరికాడు, అది చాలు.

ఆయన ముందు టేపు తీసి కొలిచింది మంచాన్ని కాదు, నన్ను. పరుపు వేసిన కుర్చీలో కూర్చుంటే నా తొడల పైభాగం నేల నుంచి ఇరవై నాలుగున్నర అంగుళాలు. కాబట్టి మంచం అడుగుభాగం 26 అంగుళాల ఎత్తున ఉండాలి. అప్పుడే నా మోకాళ్లు కిందికి దూరి, పాప నా ఛాతీకి దగ్గరగా వస్తుంది. పలక, పరుపు కలిపి పాప పడుకునే చోటు 30 అంగుళాలకు వచ్చింది. పాప నిలబడే వయసుకు మామూలు మంచంలో పరుపును కిందికి దించుతారు. నాకు ఆ వీలు లేదు, మోకాళ్లకు చోటు పోతుంది. అందుకని కటకటాలనే పరుపు మీంచి 24 అంగుళాలు లేపాం. నేను ఎలాగూ పైనుంచి తీయను కదా, ఎత్తు పెరిగితే నాకేం నష్టం?

ముందు పక్కలో సగం కదలదు, మిగతా సగం సొరుగులకు వేసే చానల్ మీద పక్కకి జరుగుతుంది. రెండడుగుల ఖాళీ వస్తుంది. అల్మారా తలుపులా బయటికి తెరిస్తే ప్రతిసారీ కుర్చీ వెనక్కి జరుపుకోవాలి, పాపను చేతిలో పెట్టుకుని అది కుదరదు. కటకటాల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటనివ్వలేదు. అంతకంటే ఎక్కువైతే పాప ఒళ్లు జారిపోయి తల దగ్గర ఇరుక్కుంటుంది. పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్లు కూడా పట్టకూడదు. మొత్తం 9,500 రూపాయలైంది.

తప్పులు లేకపోలేదు. మొదట ఆచారన్న బలం కోసమని ముందు కాళ్ల మధ్య అడ్డపట్టీ కొట్టాడు. నా మోకాళ్లు దానికి తగులుతున్నాయని నాకు తెలియలేదు. రెండో రోజు రాత్రి మా ఆయన నా మోకాలి మీద కమిలిన మచ్చ చూసి చెప్పాడు. పట్టీని వెనక్కి మార్పించాం. రెండో తప్పు గడియ. ఒంటిచేత్తో తీయగలిగేది పెట్టమన్నాను, పద్నాలుగో నెలలో పాప కూడా ఒంటిచేత్తోనే తీసింది. తలుపు కాస్త జరిగిన చప్పుడుకే వెళ్లి పట్టుకున్నాను. ఆ సాయంత్రమే బయటివైపు, అడుగున, పాప చెయ్యి అందని చోట ఇంకో గడియ వేయించాం.

ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి రెండంగుళాల నైలాన్ పట్టీకి బ్యాగు బకిల్ కుట్టించి, నా నడుముకూ పాపకూ కలిపి వేసుకునేదాన్ని. కుర్చీ ముందున్న చిన్న చక్రాలు గులకరాయికి తగిలినా టక్కున ఆగిపోతాయి, ఒళ్లో ఉన్నది ముందుకు పోతుంది. బెల్టు బాగా పనిచేసింది. పనిచేయనిది నేనే. పాప నిద్రపోతే కదిలించబుద్ధి కాక గంటన్నర అలాగే కూర్చున్న రోజులున్నాయి. అరగంటకోసారైనా చేతుల మీద లేచి పిరుదులకు ఒత్తిడి తగ్గించుకోవాలి నేను. మూడో నెలలో అక్కడ ఎర్రమచ్చ వచ్చింది, నొక్కితే తెల్లబడలేదు. అంటే పుండుకి మొదటి మెట్టు. వారం రోజులు ఒక పక్కకి తిరిగి పడుకునే పాపకు పాలిచ్చాను. అప్పటి నుంచి ఫోన్లో అలారం పెట్టాను, పాప లేచినా సరే. ఇంకోటి, వేడినీళ్ల గిన్నె, పాల సీసా ఒళ్లో పెట్టుకోవద్దు. కాలితే మనకు తెలియదు.

పాకే వయసులో మంచం కంటే మువ్వల పట్టీలే ఎక్కువ పనికొచ్చాయి. పాప చెయ్యి వెనక చక్రం దగ్గరుందో లేదో చూడటానికి తిరగలేను, చప్పుడు చెబుతుంది. మువ్వలు ఆగిపోయాయంటే కుర్చీ కదపను. కింద నుంచి ఎత్తడానికి, వీపు మీద పట్టుకునే పిడి ఉన్న గట్టి కాన్వాస్ చొక్కా దర్జీ చేత కుట్టించాను. ఏడాది దాటాక దాని అవసరమూ తగ్గింది. నేను వంగితే పాపే పాదాల పలక మీద ఎక్కి చేతులు చాచేది. వాళ్ల నాన్న దగ్గర మాత్రం గిలగిలా కొట్టుకునేది.

ఇక జనం. తిరుచానూరు గుడి దగ్గర ఒకామె పాపను నా ఒళ్లో చూసి మా అత్తను అడిగింది, "ఎవురి బిడ్డమ్మా ఈ పాప?" అని. నేను అక్కడే ఉన్నాను. ఇలాంటివాటికి ఒక్క ముక్కలో జవాబిచ్చి కదిలిపోవడం అలవాటైంది. కానీ సాయం చేస్తామని వెనక నుంచి చెప్పకుండా కుర్చీ తోసేవాళ్లతో మాత్రం గట్టిగానే మాట్లాడతాను. ఒళ్లో పాప ఉండగా అది ప్రమాదం. వెనక పిడులు విప్పే వీలుంటే విప్పేయండి, నేను విప్పేశాను. ఇప్పుడు కొత్త మాట మొదలైంది: "ఇంత చిన్నదానివి అమ్మను చూసుకుంటున్నావే!" పాప నన్ను చూసుకోవడం లేదు. కుర్చీ తోయడం తన పని కాదని ఇంట్లో ముందే అనుకున్నాం.

బడితో చిక్కు చిన్నదే, కానీ సాగింది. తల్లిదండ్రుల మీటింగ్ మేడ మీద పెట్టి, "వాళ్ల నానమ్మను పంపండి" అని డైరీలో రాశారు. అడిగితే ర్యాంప్ వేశారు. గడప ఎత్తు 14 అంగుళాలు, ర్యాంప్ పొడవు ఐదడుగులు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు కావాలి, అంటే పద్నాలుగడుగులు. దాని మీద ఎక్కబోతే కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. కొలతలు కాగితం మీద గీసి, వెనకవైపు వంటగది దారి నేలమట్టంగా ఉందని చూపించాను. ఇప్పుడు ఆ దారినే వెళ్తాను, మా పాప క్లాసు మీటింగ్ కింది గదిలోనే పెడుతున్నారు. డైరీలో మొదటి పేజీలో నా ఫోన్ నంబరు రాయించాను. అయినా టీచరు మొదటి రెండు సార్లు మా ఆయనకే చేసింది, ఆయన "వాళ్లమ్మకు చేయండి" అని పెట్టేశాడు.

మంచం ఈ మధ్య రేణిగుంట వైపు ఒక చెల్లెలికి ఇచ్చాం, తనకు ఏడో నెల. ఆమె కుర్చీలో కూర్చుంటే తొడల ఎత్తు నాకంటే అంగుళమున్నర ఎక్కువ. ఆచారన్న వచ్చి నాలుగు కాళ్ల కింద రెండంగుళాల దిమ్మెలు బిగించి వెళ్లాడు.