పిల్లలకు మాటలు ఆలస్యమైతే: ఆగి చూడాలా, ఇంట్లో మొదలుపెట్టాలా, అంగన్‌వాడీకి పంపాలా?

నల్లగొండ, దేవరకొండ వైపు నుంచి స్పీచ్ థెరపీ కోసం నా దగ్గరకు వచ్చే తల్లులు ఎక్కువగా అడిగేది ఈ ప్రశ్నే. మూడింట్లో ఏది మేలో పిల్లల వయసును బట్టి, మాటల లెక్కను బట్టి మాత్రమే చెప్పలేం. బిడ్డకు మన మాట ఎంత అర్థమవుతోంది, కావాల్సింది వేలితో చూపిస్తోందా అన్నదే అసలు విషయం.

ఇద్దరు పిల్లల సంగతి చెబుతాను. ఇద్దరికీ 22 నెలలే, ఇద్దరికీ ఎనిమిదేసి మాటలే. రెండేళ్లకు 50 మాటలు, ‘అమ్మ దా’ లాంటి రెండు మాటల కలయిక రావాలి కాబట్టి ఇద్దరూ వెనకబడినట్టే. మొదటివాడు తండా పిల్లాడు. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. రెండు భాషల వల్లే ఆలస్యమైందని వాళ్ల తాత బాధపడ్డాడు. అలా ఏమీ జరగదు. ‘యాడి’, ‘బాటి’, ‘నీళ్లు’ అన్నీ కలిపే లెక్కపెట్టాలి. వీడు కోడిని చూస్తే వేలు చూపించి, తల్లి కూడా చూసిందా లేదా అని ఆమె ముఖం వైపు తిరుగుతాడు. ‘చెప్పులు తే’ అంటే తెస్తాడు.

రెండో పాప అలా కాదు. ఏదైనా కావాలంటే తల్లి చెయ్యి పట్టుకుని లాగుతుంది, వేలు చూపదు. పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారే తిరుగుతుంది. ‘చెప్పులు తే’ అంటే తెస్తుందని తల్లి చెప్పింది కానీ, ఆమె ఆ మాట అంటూనే చెప్పుల వైపు చూస్తోంది, చేయి కూడా చాపుతోంది. చేయి కదపకుండా, అటు చూడకుండా అడిగితే పాప కదల్లేదు. మీ ఇంట్లో కూడా ఇలాగే పరీక్షించి చూడండి.

ఆగి చూడటంలో తప్పేమీ లేదనేవాళ్ల మాటలోనూ నిజం ఉంది. ‘వాళ్ల నాయిన కూడా ఆలస్యంగానే మాట్లాడిండు’ అని నాయినమ్మలు అంటారు. ఇది కొన్ని కుటుంబాల్లో వస్తూనే ఉంటుంది, చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే అందుకుంటారు కూడా. కానీ ఎవరు అందుకుంటారో ముందే చెప్పలేం. ఉత్తగా ఆగడం కన్నా ఇంట్లో పని చేస్తూ ఆగడమే నాకు మేలనిపిస్తుంది.

ఆ పని ఏమిటంటే, ముందుగా ‘ఇదేంది? చెప్పు, చెప్పు’ అని అడగడం మానాలి. అలా అడిగేకొద్దీ చాలామంది పిల్లలు నోరు మూసుకుంటారు. బిస్కెట్లను గట్టి మూత ఉన్న, లోపలివి కనిపించే డబ్బాలో పెట్టండి. పిల్లాడు డబ్బా తెచ్చి ఇస్తాడు. మీరు వాడి ఎత్తుకు కూర్చుని, వాడి ముఖంలోకి చూస్తూ, మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగండి. అందరూ తప్పేది ఇక్కడే, రెండు లెక్కపెట్టేలోపే మూత తీసేస్తారు. తర్వాత ‘తియ్యి’ అని మీరే అని, వాడు ‘తీ’ అన్నా, ఏ శబ్దం చేసినా వెంటనే తీసి ఇవ్వండి. సరిగ్గా అనేదాకా ఏడిపించవద్దు. వాడు ‘నీళ్లు’ అంటే మీరు ‘సల్లటి నీళ్లు’ అనండి, అంటే వాడి మాటకు ఇంకొక్కటి మాత్రమే చేర్చండి. కొత్తగా వచ్చిన మాటలను గోడ క్యాలెండర్ మీద రాస్తూ పోండి. తండా పిల్లాడి తల్లి ఇలాగే చేసింది, రెండు నెలలకు క్యాలెండర్ మీద ముప్పైకి పైగా మాటలు చేరాయి. అదే రెండు నెలల్లో జాబితా కదలకపోతే ఇక ఆగకూడదు.

అంగన్‌వాడీకి పంపడం మంచిదే. తోటిపిల్లలు దొరుకుతారు, ఆటపాటలు ఉంటాయి. కానీ మాట అర్థం కాని బిడ్డకు ఆ గోలలో ఒక్కరితో ముఖాముఖి మాట్లాడే సమయం దొరకదు. అందుకే ఇంటి పనికి తోడుగానే పంపండి. వస నాకించడం, నాలుక కింద నరం కోయించడం వల్ల మాటలు రావు. ఫోన్‌లో రైమ్స్ చూసి ఏబీసీడీలు అప్పజెప్పినా, అది నీళ్లు అడగడం నేర్పదు.

రెండో పాప లాంటి పిల్లలకు ఈ రెండు నెలలు కూడా ఆగవద్దు. ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోయినా అంతే. ముందుగా చెవి పరీక్ష చేయించాలి. పళ్లెం కింద పడితే ఉలిక్కిపడుతోంది కాబట్టి వినిపిస్తోందని అనుకోవద్దు. పెద్ద చప్పుడు వినిపిస్తూ, ‘స’ లాంటి సన్నటి శబ్దాలు వినిపించని పిల్లలు ఉంటారు. జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరినా మాటలు మసకగానే వినిపిస్తాయి. చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ అనే వినికిడి పరీక్ష కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అవసరమైతే నిద్రపుచ్చి, శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసే బెరా పరీక్ష చేస్తారు. పిల్లల ఆరోగ్యం చూడటానికి అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ వైద్య బృందానికి చూపిస్తే, వాళ్లు పిల్లల ఎదుగుదల సమస్యలను చూసే డీఈఐసీ అనే జిల్లా స్థాయి ప్రభుత్వ కేంద్రానికి రాసిస్తారు, అక్కడ ఖర్చు ఉండదు. వెళ్లేటప్పుడు ఆ క్యాలెండర్‌నూ, బిడ్డ ఇంట్లో ఆడుకునే చిన్న వీడియోనూ తీసుకెళ్లండి. కొత్త గదిలో పిల్లలు బిగుసుకుపోతారు కాబట్టి డాక్టర్‌కు అవే ఎక్కువ చెబుతాయి.