దేవుడు వేదిక మీద కనిపించాలా, తెర వెనుక నుంచి వినిపించాలా?

భక్తుడికీ దేవుడికీ మధ్య సంభాషణగా సాగే చిన్న నాటికలో మొదట తేల్చుకోవలసిన విషయం ఇదే.

ఖర్చు: కనిపించే దేవుడికి కిరీటం, ఆభరణాలు, ముఖానికి రంగు కావాలి. వినిపించే దేవుడికి మంచి మైకు, నిదానంగా పలికే గొంతు చాలు.

శ్రమ: దేవుడు కనిపిస్తే కదలికలు తగ్గించుకోవడం ఆ నటుడి పని. వినిపిస్తే భారమంతా భక్తుడిదే. అతడు ప్రేక్షకుల తలలకు కాస్త పైన ఒకే చోట చూపు నిలపకపోతే దేవుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

ప్రమాదం: కిరీటం జారితే సభ నవ్వుతుంది, ఆ నవ్వును ఆపడం ఎవరి తరమూ కాదు. వాణికి ప్రతిధ్వని ఎక్కువైతే అది రాక్షసుడి గొంతులా మారుతుంది. అసలు తేడా మౌనంలో ఉంది. “నా బిడ్డను ఎందుకు తీసుకుపోయావు స్వామీ?” అని భక్తుడు నిలదీసినప్పుడు, ఎదుట ఉన్న దేవుడు బదులు చెప్పకుండా చూస్తూ నిలబడినా అది కరుణగానే అందుతుంది. కనిపించని దేవుడు అంతసేపు ఊరుకుంటే మైకు పోయిందనుకుంటారు. కనుక “నీవు ఏడ్చిన రాత్రి నేనూ మేలుకునే ఉన్నాను” వంటి చిన్న వాక్యం త్వరగా రావాలి.

భక్తుడు దేవుణ్ణి నిలదీసే నాటికకు, నిలకడగల నటుడు దొరికితే, రూపమే మేలు. భక్తుడి అంతర్మథనమే కథైతే, లేదా సాధన చేసే వ్యవధి తక్కువైతే, వాణిని ఎంచుకోవాలి.