వర్తింపు ప్రకటన: జాబితాతో మొదలా, ముప్పుతో మొదలా?

భీమవరంలో రొయ్యల ఎగుమతిదారులకు సాఫ్ట్‌వేర్ అందించే ఒక చిన్న సంస్థ, సమాచార భద్రతా ప్రమాణమైన ఐఎస్ఓ 27001 తొలి సర్టిఫికేషన్ కోసం, ఏ భద్రతా చర్యలు తనకు వర్తిస్తాయో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ అప్లికబిలిటీ, అంటే వర్తింపు ప్రకటన, రాస్తోందనుకుందాం.

2022 ప్రమాణంలోని అనుబంధం ఎ నుంచి 93 కంట్రోళ్లనూ, అంటే భద్రతా చర్యలనూ, స్ప్రెడ్‌షీట్‌లోకి దించుకుని, ఒక్కోదాని ఎదుట వర్తిస్తుందో లేదో రాసుకుంటూ పోవడం మొదటి పద్ధతి. పని త్వరగా తెములుతుంది, ఏదీ జారిపోదు. కానీ సర్వర్లన్నీ క్లౌడ్‌లోనే ఉన్నాయి కదా అని, భౌతిక, పర్యావరణ ముప్పుల నుంచి రక్షణ కోరే 7.5 కంట్రోల్‌ను కొట్టివేసే ప్రమాదం ఇక్కడే ఉంది.

రెండో పద్ధతిలో ముందు ముప్పులను అంచనా వేసి, వాటికి అవసరమైన కంట్రోళ్లను నిర్ణయించి, ఆ తర్వాతే అనుబంధంతో సరిపోల్చుతారు, 6.1.3 నిబంధన కోరే క్రమం ఇదే. తుపాను వానకు డ్రెయిన్ పొంగితే కింది అంతస్తులోని రౌటరు, యూపీఎస్, కస్టమర్ల డేటా ఉన్న ల్యాప్‌టాప్‌లు తడుస్తాయన్న ముప్పు నమోదు కాగానే, 7.5 వర్తిస్తుందని తేలడమే కాక, ప్రకటనలో రాయవలసిన కారణమూ దొరుకుతుంది.

సమయం ఎక్కువ పట్టినా రెండోదే సరైనదని నా అభిప్రాయం. జాబితాను చివరి తనిఖీకి ఉంచుకోవాలి. పరికరాలను పై అంతస్తుకు మార్చడం ఇంకా పూర్తికాకపోతే, 'వర్తిస్తుంది, ఇంకా అమలు కాలేదు' అని రాసి, ముప్పు పరిష్కార ప్రణాళికలోని గడువును చూపవచ్చు. అమలైందని రాస్తే మాత్రం అమలును తనిఖీ చేసే స్టేజ్ 2 ఆడిటర్ ఆ గది చూపించమని అడుగుతారు.