మహాబలిపురంలో రెండు రోజులు, స్కూటరు పెట్టిన మూడు పూటలు

మహాబలిపురంలో రూము తీసుకునేటప్పుడు ఏసీ పనిచేస్తుందా, వేడినీళ్లు వస్తాయా అని అడిగాం గానీ బండి ఎక్కడ పెట్టుకోవాలని అడగలేదు. నవంబరులో వెళ్తూ అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

శనివారం పొద్దున్న చెన్నైలోని వేళచ్చేరి నుంచి నేనూ మా బావమరిదీ నా పాత 110 సీసీ స్కూటరు మీద ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టాం. కోవళం దాటాక గంటసేపు వానలోనే నడిపినా బండి ఒక్కసారి కూడా ఆగలేదు. సాయంత్రం పంచరథాలు చూశాం. వానకి తడిసిన రాయి నల్లగా మెరుస్తుంటే అక్కడి రాతి ఏనుగు ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టుంది, జనం కూడా లేరు, ఆ ఒక్క గంట కోసమైనా వానాకాలంలోనే వెళ్లమంటాను.

బీచి దగ్గర లాడ్జి 1,200 రూపాయలు. రూము శుభ్రంగానే ఉంది, కాఫీ మాత్రం చెప్పుకోకూడదు. బండి పక్కసందులో సన్‌షేడ్ కింద పెట్టమన్నారు. అక్కడే డాబా మీది నీళ్ల గొట్టం ఉందని రాత్రి చీకట్లో గమనించలేదు.

పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజను గిర్రున తిరుగుతోంది, అంటుకోదు. కిక్కు కూడా ముప్పైసార్లు కొట్టాం. 'బావా, పెట్రోల్లోకి నీళ్లు పోయాయేమో' అన్నాడు మావాడు. లాడ్జివాళ్లు పిలిపించిన మెకానిక్ మూత కూడా విప్పకుండా కార్బురేటర్ క్లీనింగు, కొత్త ప్లగ్గు కలిపి 650 అన్నాడు. వద్దని తోసుకుంటూ బస్టాండు వైపు వెళ్లి ఒక పంక్చర్ షాపు దగ్గర ఆగాం.

అక్కడ పెద్దాయన ముందు సెల్ఫ్ శబ్దం విన్నాడు. మోటరు బాగానే తిరుగుతోంది కాబట్టి బ్యాటరీ జోలికి పోలేదు. పక్క మూత తీసి ప్లగ్గు క్యాప్ లాగాడు. దాన్ని తిరగేసి అరచేతిలో తడితే రెండు చుక్కల నీళ్లు పడ్డాయి. క్యాప్ అంచు రబ్బరు గోరంత మేర చిట్లి ఉంది, లోపలి ఇత్తడి మీద పచ్చగా చిలుము. నీళ్లూ మురికీ కలిసి కరెంటుకి అడ్డదారి ఇస్తాయట, అప్పుడు స్పార్కు అనేది ప్లగ్గు కొన దగ్గరి సందులో దూకకుండా తెల్ల పింగాణీ మీద నుంచి జారి ఇంజను లోహంలోకి పోతుంది. నిన్న వానలో ఎందుకు ఆగలేదంటే, నడుస్తున్న ఇంజను వేడికి తడి ఎప్పటికప్పుడు ఆరిపోయి ఉంటుంది. రాత్రంతా చల్లారిన బండి మీద గొట్టం నీళ్లు పడితే ఆ చిట్లిన చోటునుంచి మెల్లగా లోపలికి దిగాయి.

పొడిగుడ్డతో క్యాప్ లోపల, పింగాణీ మీద తుడిచాడు. ప్లగ్గు విప్పి చూస్తే పెట్రోలుతో తడిసి ఉంది, అది మేము కిక్కులు కొట్టిన పుణ్యం. దాన్నీ ఆరబెట్టి బిగించాడు. వైరు చివర నుంచి క్యాప్‌ని మరమేకులా తిప్పి ఊడదీసి, చిలుము పట్టిన అర సెంటీమీటరు కత్తిరించి మళ్లీ బిగించాడు (వైరు పొడవు మిగిలి ఉంటేనే ఈ పని). థ్రాటిల్ పూర్తిగా తిప్పి సెల్ఫ్ కొట్టమన్నాడు, ఐదేసి సెకన్ల కంటే ఎక్కువసేపు వద్దన్నాడు. మూడోసారికి అంటుకుంది. యాభై రూపాయలు చాలన్నాడు, వంద ఇచ్చాం. కొత్త క్యాప్ వేయించుకోండి, ఇది వారం కంటే ఆగదు అని చెప్పి పంపాడు.

తిరుగు దారిలో ముట్టుకాడు దాటాక ఒక కారు రోడ్డు మీది నీళ్లన్నీ మా మీద కుమ్మరించింది. ఈసారి జబ్బు వేరు. బండి స్టార్ట్ అవుతోంది, థ్రాటిల్ ఇవ్వగానే గొంతు పట్టినట్టు ఆగిపోతోంది. స్పార్కు పోతే అసలు అంటుకోదు, గాలి అందకపోతే అంటుకుని ఊపిరాడక చస్తుంది, నాకు అర్థమైన తేడా ఇదే. ఎయిర్ బాక్సు అడుగున చిన్న గొట్టం, దానికి మూత ఉంటుంది. తీస్తే అర టీగ్లాసు బురదనీళ్లు వచ్చాయి. కాగితం ఫిల్టరు తడిసి అట్టలా ఉంది. ఫిల్టరు తీసేసి నడిపితే దుమ్ము నేరుగా ఇంజనులోకి పోతుంది కాబట్టి ఆ పని చేయలేదు, నెమ్మదిగా తిరువాన్మియూరు చేరి కొత్తది వేయించాం. అదే నీళ్లు ఎయిర్ బాక్సు దాటి ఇంజనులోకే పోయి కిక్కు గట్టిగా పట్టేసి ఉంటే, బలవంతంగా తొక్కకుండా ఆటో ఎక్కించాల్సిందే.

మా ఆఫీసులో ఒకతని కొత్త బండి ఇలాంటి వానకే సెల్ఫ్ కూడా తిరగకుండా మొండికేసింది. అక్కడ తడిసింది, సైడ్ స్టాండు వేసి ఉంటే బండిని స్టార్ట్ కానివ్వని స్విచ్చి కనెక్టరు. ఊడదీసి ఆరబెట్టి పెడితే సరిపోయింది.

ఈసారి వెళ్తే బస్టాండు దగ్గర మేం వద్దనుకున్న లాడ్జిలో దిగుతాం. మూడు వందలు ఎక్కువ, సముద్రం కనపడదు, కానీ బండికి రేకుల షెడ్డు ఉంది. ఆ పంక్చర్ షాపు కూడా దానికి ఎదురుగానే.