ముగింపు లెక్కల సర్దుబాట్లు: టిక్కు మేలా, నెలల లెక్క మేలా?

బరంపురంలో ఒక పట్టుచీరల కొట్టు ఉందనుకుందాం. 2025 మార్చి 31 నాటి అంకణా, అంటే ఖాతాల నిల్వలన్నీ ఒకచోట చేర్చిన జాబితా, చేతికొచ్చింది. దాని కింద ఒక సర్దుబాటు: ముందుగా చెల్లించిన బీమా రూ.9,000. దీన్ని సరిచూడడానికి రెండు దారులున్నాయి.

చాలామంది గుమాస్తాలది టిక్కు దారి. సర్దుబాటు అంకణా బయట ఉంటే రెండు టిక్కులు, ఒకటి లాభనష్టాల ఖాతాలో, ఒకటి ఆస్తి అప్పుల పట్టికలో. ముందస్తు చెల్లింపు, బకాయి లాంటి అంశం అంకణాలోనే ఉంటే పట్టికలో ఒక్క టిక్కు చాలు. పని చకచకా అయిపోతుంది. ఒక వైపు రాసి రెండో వైపు మరిచిపోతే పట్టిక కలవదు కాబట్టి తప్పు వెంటనే తెలుస్తుంది.

రెండోది నెలల లెక్క. పాలసీ కాగితం, అద్దె ఒప్పందం ముందు పెట్టుకుని, ఈ ఏడాది ఖర్చులో పన్నెండు నెలలే ఉన్నాయా అని చూడాలి. కాగితాలు వెతికి తీయాలి కాబట్టి విసుగే.

ఇప్పుడు బీమా చూడండి. ప్రీమియం ఏటా అక్టోబరు 1న కడతారు. నిరుడు రూ.16,000, ఈసారి రూ.18,000. నిరుటి ప్రీమియంలో ఆరు నెలల వాటా రూ.8,000 ముందుగా చెల్లించిన బీమాగా ఈ ఏడాదికి వచ్చింది. ఏప్రిల్ 1న దాన్ని బీమా ఖాతాకు మార్చడం ఎవరూ తలపెట్టలేదు. అందుకే అంకణాలో బీమా రూ.18,000, ముందుగా చెల్లించిన బీమా రూ.8,000 విడివిడిగా కనిపిస్తాయి.

టిక్కు దారిలో బీమా ఖర్చు 18,000లో 9,000 పోగా 9,000. ఆస్తుల్లో పాత 8,000, కొత్త 9,000. టిక్కులన్నీ పడ్డాయి, పట్టిక పైసాతో సహా కలిసింది. కానీ లాభం రూ.8,000 ఎక్కువైంది!

నెలలు లెక్కపెడితే ఖర్చులో చూపిన ఆ 9,000 అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరు నెలలదే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా బీమా ఎక్కడ? పాత 8,000లో ఉంది. అసలు ఖర్చు రూ.17,000, ఆస్తి రూ.9,000 మాత్రమే.

అద్దెలో ఇదే తిరగబడుతుంది. నెలకు రూ.6,000 అద్దె. మార్చి బకాయి అప్పటికే అంకణాలో ఉన్నా మళ్లీ రెండు వైపులా కలిపితే అద్దె 78,000, బకాయి 12,000 అవుతాయి. పట్టిక కలుస్తుంది. 78,000ను 6,000తో భాగిస్తే పదమూడు. ఏడాదికి పదమూడు నెలలు ఏ పంచాంగంలోనూ మామూలుగా ఉండవు, అధికమాసం వస్తే తప్ప!

కాబట్టి నా ఓటు నెలల లెక్కకే. టిక్కు చివర్లో వేసుకోవచ్చు. అయితే కరెంటు బిల్లు దగ్గర నెలల లెక్క పనిచేయదు, ఒక్కో నెల ఒక్కోలా వస్తుంది. అక్కడ ఏప్రిల్‌లో వచ్చిన బిల్లు తెరిచి రీడింగు తేదీలు చూడాలి. మార్చి 11 నుంచి ఏప్రిల్ 10 దాకా 31 రోజులకు రూ.3,100 వస్తే, మార్చి వాటా 21 రోజులు. చెల్లించవలసిన ఖర్చు రూ.2,100.